రిటైర్ అయ్యే అక్క కోసం ఒక్క నిమిషం మాట: నాలుగు పేజీల నోట్స్‌ని ఎట్ల తగ్గించాలె

మన దిక్కు రిటైర్మెంట్ ఫంక్షన్ ఎట్లుంటదో తెలుసు కదా, శాలువ, పూలదండ, మెమెంటో, ఇగ ఆ తర్వాత ఒకరి ఎన్క ఒకరు మైక్ పట్టుకునుడు. పదిమంది తలా అయిదు నిమిషాలు మాట్లాడితే యాభై నిమిషాలు పోతయి. రిటైర్ అయ్యే మనిషేమో మెడల దండ, మీద శాలువ, ఫ్యాన్ గాలి తగలక చెమటలు తుడుచుకుంట కుర్చీల కూసుంటది. అందుకే ఇప్పుడు కొన్నిచోట్ల సన్మానం వేరుగ పెట్టి, భోజనాలకు కూసునే ముంగట ఒక్కరే లేచి ఒక్క నిమిషం మాట్లాడి, అందరితోని గ్లాసులు లేపిస్తున్నరు. గ్లాసుల మజ్జిగ ఉన్నా లెమన్ సోడా ఉన్నా ఏం కాదు. టోస్ట్ అంటరు దాన్ని.

నేను నల్లగొండ జిల్లాల ఒక పీహెచ్‌సీల ల్యాబ్ టెక్నీషియన్‌ని. మొన్న మా ఏఎన్ఎం అక్క రిటైర్ అయితే ఆ ఒక్క నిమిషం నాకిచ్చిన్రు. అంతకుముందు ఇంకో సార్ రిటైర్మెంట్‌ల నాకు ఇట్లనే ఇస్తే నేను ఆరు నిమిషాలు మాట్లాడిన, గ్లాసులు పట్టుకున్నోళ్ళు చెయ్యి నొప్పి పుట్టి మెల్లగ కింద పెట్టేసిన్రు, నేను చివరికి లేపండి అన్నప్పుడు సగం మందే లేపిన్రు, ఆ సార్ మొఖం చూసి నాకు మస్తు బాధైంది. అందుకని ఈసారి అక్క కోసం ఎట్ల రాసిన, ఏం తీసేసిన, ఎందుకు తీసేసిన, అంత ఇక్కడ పెడుతున్న. మీ ఆఫీసు ఏదైనా గిదే పద్ధతి పనికొస్తది.

ముందుగాల నోట్స్. సర్కారు నౌకర్లైతే తారీఖు ముందే తెలిసిపోతది, మన రాష్ట్రంల రిటైర్మెంట్ వయసు 2021ల 58 నుంచి 61 చేసిన్రు, 61 నిండిన నెల ఆఖరి రోజే రిలీవ్ అయ్యేది. కాబట్టి నెల ముందు నుంచే ఫోన్‌ల ఒక నోట్ ఓపెన్ చేసుకొని గుర్తొచ్చినప్పుడల్ల రాసుకోండి. అప్పుడు ఇది బాగుందా లేదా అని చూడొద్దు, వరస కూడ వద్దు. నా నోట్స్‌ల ఏమున్నయంటే, ఉన్నదున్నట్టు కొన్ని లైన్లు పెడుతున్న చూడండి:

"అక్క మస్తు మంచి మనిషి. టైముకు వచ్చేది. మొదటి పోస్టింగ్ పాలమూరు దిక్కు, బస్ దిగి నాలుగు కిలోమీటర్లు నడక. అందరిని కలుపుకొని పోయేది. నా పెండ్లికి వచ్చి రెండురోజులు ఉన్నది. ఆశా వర్కర్లు అక్క అంటే పానం ఇస్తరు. ట్రాన్స్‌ఫర్ల అక్కకు అన్యాయం జరిగింది. పోలియో మూడో రోజు రాత్రి తండాకు పోయినం, గోడ మీద ఎక్స్. 2014ల మన దేశం పోలియో లేని దేశం అయ్యింది. బావ పోయినప్పుడు పదకొండు రోజులైనంక డ్యూటీకి వచ్చింది. డబ్బాల చింతకాయ తొక్కు తెచ్చేది అందరికి. అక్క లేని దవాఖాన ఊహించుకోలేం."

ఇట్లాంటియి నాలుగు పేజీలయినయి. చదివితే అయిదున్నర నిమిషాలు పట్టింది, ఫోన్‌ల స్టాప్‌వాచ్ పెట్టి చూసిన.

ఇప్పుడు నిమిషానికి ఎన్ని మాటలు పడతయో తెలుసుకోవాలె, ఇది తెల్వకనే అందరు తప్పు చేస్తరు. ఇంగ్లీషుల నిమిషానికి 130, 140 మాటలు అని చెప్తరు, అది మనకు కుదరదు, ఎందుకంటే మన మాటలు పొడుగు. వాళ్ళు నాలుగు మాటలల్ల చెప్పేదాన్ని మనం "పొద్దుగూకినంక" అని ఒక్క మాటల చెప్పేస్తం. మైక్‌ల నిదానంగ, ఎనుక కూసున్న ముసలామెకు కూడ వినబడేటట్టు చెప్తే నాకు నిమిషానికి 90 మాటల లోపే పడ్డయి. మీరు కూడ ఏదన్న ఒక పేరా తీసుకొని గట్టిగ చదివి లెక్కపెట్టుకోండి, ఒక్కొక్కరి స్పీడు ఒక్కో తీరుగ ఉంటది. మధ్యల చప్పట్లు కొడ్తరు, మైక్ కుయ్యిమంటది, కాబట్టి రాసేది 50, 55 సెకన్లకే రాసుకోవాలె.

తర్వాత తీసేసే పని. నేను ఒక్కటే ప్రశ్న పెట్టుకున్న, ఈ లైన్ వచ్చే నెల రిటైర్ అయ్యే ఇంకో మనిషి గురించి చెప్పినా సరిపోతదా? సరిపోతే కొట్టేసుడే. "మంచి మనిషి" పోయింది, "టైముకు వచ్చేది" పోయింది, "అందరిని కలుపుకొని పోయేది" పోయింది, "ఊహించుకోలేం" కూడ పోయింది. ఇవి అబద్ధాలని కాదు, అన్నీ నిజమే, కాని విన్నోళ్ళకు ఇందుల అక్క కనబడదు. పోలియో 2014 లైన్ కూడ తీసేసిన. ఆ సంవత్సరం మార్చిల మన దేశానికి పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చిన మాట నిజమే, అక్కలాంటోళ్ళ వల్లనే వచ్చింది, కాని అది దేశం ముచ్చట. అక్క ముచ్చట ఏందంటే ఆ గోడ మీది ఎక్స్.

ఇంకో రకం లైన్లుంటయి, వాటిని నిజమైనా సరే మైక్‌ల చెప్పొద్దు. ట్రాన్స్‌ఫర్ల అన్యాయం అట్లాంటిదే, అది చెప్తే ముందు వరసల కూసున్న ఆఫీసర్ల మొఖాలు మాడిపోతయి, అందరు ఆ గొడవ గురించే గుసగుసలాడుకుంటరు, అక్కను మర్చిపోతరు. బావ పోయిన సంగతి కూడ వద్దనుకున్న. నాకు అది చెప్పాలని బాగ ఉండె, ఆ పదకొండు రోజుల తర్వాత ఆమె వచ్చి టీకాల రిజిస్టర్ తెరిచిన తీరు నేను మరువలే. కాని పండుగ లెక్క జరిగే రోజు, కూతుర్లు అల్లుండ్లు ముందట కూసుంటే, ఆమె అనుమతి లేకుండ ఆమె దుఃఖం నేను బయట పెట్టొద్దు కదా. రోగుల పేర్లు, ఎవరింట్ల ఏమైందో, అవి కూడ చెప్పొద్దు, దవాఖాన పనిచేసేటోళ్ళు ఇది మరీ జాగ్రత్తగ చూసుకోవాలె.

ఇంత కొట్టేసినంక నాకు మూడు మిగిలినయి, పాలమూరు దిక్కు నడక, చింతకాయ తొక్కు, తండా రాత్రి. ఇక్కడనే అందరికి ఆశ పుడ్తది, మూడు కలిపి చెప్దాం, చిన్నచిన్నగ చెప్దాం అని. నేను కూడ ఒకసారి అట్ల రాసి చూసిన. మూడింటికి కలిపి 70 సెకన్లు అయ్యింది, కాని ఒక్కటి కూడ కండ్లకు కట్టినట్టు రాలే, లిస్ట్ చదివినట్టు అయ్యింది. ఒక్క నిమిషంల ఒక్క సంగతే పడ్తది. ఏది ఉంచాలె అంటే, మీరు కండ్లార చూసినది ఉంచండి. పాలమూరు నడక నేను చూడలే, అక్క చెప్తే విన్న. తొక్కు అందరికి తెలుసు, అది చెప్తే నవ్వుతరు, కాని దాంట్ల అక్క పని లేదు. తండా రాత్రి నేను పక్కనే ఉన్న.

ఇగ ఆ సంగతిని రాసుడు. మొదటిసారి ఇట్ల వచ్చింది:

"అప్పుడు నేను కొత్తగ జాయిన్ అయిన, నాకేం తెల్వదు, అన్ని అక్కనే నేర్పింది, ఆ ఏడు పోలియో చుక్కల డ్యూటీ పడ్డది, ఆదివారం బూతులల్ల వేసినం, సోమవారం మంగళవారం ఇల్లిల్లు తిరిగినం, మంగళవారం సాయంత్రం టాలీ షీట్ చూస్తే ఒక తండాల ఒక్క ఇల్లు మిగిలిపోయింది, అది మాకు పదహారు కిలోమీటర్లు ఉంటది, రోడ్డు అప్పుడు మంచిగ లేకుండె, సూపర్‌వైజర్ సార్ ఏమన్నడంటే రేపు చూద్దాంలే అన్నడు, కాని అక్క..."

చూడండి, "కాని అక్క" అనే దగ్గరికి వచ్చేసరికే అర నిమిషం అయిపోయింది, అక్క ఇంక బండి కూడ ఎక్కలే. సంగతి ఎక్కడ మొదలైతదో అక్కడికి దునికేయాలె. నేను కొత్త అన్నది వద్దు, ఎన్ని కిలోమీటర్లు వద్దు, రోడ్డు వద్దు. సూపర్‌వైజర్ సార్ ముచ్చట అయితే అసలే వద్దు, అక్క గొప్పతనం చెప్పనీకి ఇంకొకర్ని తక్కువ చేసినట్టైతది, ఆ సార్ కూడ అక్కడనే కూసొని ఉంటడు. గోడ మీద ఎక్స్ మిగిలింది, ఇదే మొదటి లైన్.

కొట్టేసేటప్పుడు ఒక జాగ్రత్త, కంటికి కనబడేటియి మాత్రం కొట్టేయొద్దు. సాక్‌పీస్, కొంగు, ఒళ్ళె పెట్టుకున్న వ్యాక్సిన్ క్యారియర్, ఫోన్ లైటు, ఇవి ఉండాలె. చాలామంది ఇట్లాంటియి చిన్నయి అని తీసేసి "అంకితభావంతో సేవలందించారు" అని ఒక పెద్ద మాట పెడ్తరు. కొంగుతోని గోడ తుడిచింది అని చెప్పినంక అంకితభావం అని వేరే చెప్పే పని లేదు, ఎవరికి వాళ్ళకే సమజైతది.

రాసినంక మా ఇంటామెకు చదివి వినిపించిన. ఆమెకు మా డిపార్ట్‌మెంట్ సంగతులు తెల్వయి, అందుకే ఆమెకు వినిపించిన. వినంగనే "ఎక్స్ అంటే ఏంది?" అన్నది. మా స్టాఫ్ అందరికి తెలుసు, చుక్కలు పడాల్సిన పిల్లలందరికి పడితే ఇంటి గోడ మీద పి అని రాస్తరు, ఇంకా పడాల్సినోళ్ళు మిగిలితే ఎక్స్ రాస్తరు, కాని ఫంక్షన్‌కు వచ్చేటోళ్ళల్ల సగం మంది అక్క చుట్టాలు, వాళ్ళకెట్ల తెలుస్తది? అందుకని ఒక్క చిన్న లైన్ కలిపిన. మీరు కూడ మీ ఆఫీసు బయటి మనిషికి ఒక్కసారి వినిపించండి, వాళ్ళు ఎక్కడ ఆగి అడుగుతరో అక్కడ ఒక్క లైన్ పెట్టండి, రెండు లైన్లు కాదు.

ఇంకో పని కూడ చేసిన, ఆ రోజు మాతోని ఉన్న ఆశా వర్కర్‌కు ఫోన్ చేసి అడిగిన. నాకు అది మూడోసారి పోయినట్టు గుర్తు, ఆమె కూడ మూడోసారే అన్నది. ఆ ఇంటోళ్ళు పత్తికి పోయిన్రని నేను రాసుకుంటే, ఆమె కాదు సార్ మిర్పకాయకు పోయిన్రు అన్నది. ఇది మామూలు తేడానే అనిపిస్తది కాని అక్క వింటది కదా, ఆమెకు అన్ని గుర్తుంటయి.

ఆఖరికి నేను చెప్పింది ఇది, 84 మాటలు:

"అందరికి నమస్తే. నేను ల్యాబ్ టెక్నీషియన్ని, అక్కతోని పదకొండేండ్లు పనిచేసిన.

ఒకసారి పోలియో చుక్కల మూడో రోజు, తండాల ఒక్క ఇంటి గోడ మీద ఎక్స్ మిగిలింది. ఎక్స్ అంటే ఆ ఇంట్ల పిల్లకు చుక్కలు పడలేదు. అమ్మానాయనలు మిర్పకాయ ఏరనీకి పోయిన్రు, ఇంటికి తాళం. అక్క పొద్దున పోయింది, మధ్యాహ్నం పోయింది. పొద్దుగూకినంక నా బండి ఎక్కి, క్యారియర్ ఒళ్ళె పెట్టుకొని, పా తమ్మీ ఇంకోసారి పోదాం అన్నది. నిద్రపోతున్న పిల్లను లేపి రెండు చుక్కలేసింది. చిటికెనేలుకు మార్కర్ పెట్టింది. బయటికొచ్చి ఫోన్ లైటు నన్ను పట్టుకోమని, గోడ మీది ఎక్స్‌ను కొంగుతోని తుడిచి పి రాసింది.

అక్కా, ఆ పిల్ల ఇప్పుడు ఆరో తరగతి సదువుతుంది.

అందరు జర గ్లాసులు లేపండి. మా అక్క చల్లగుండాలె!"

దీంట్ల కొన్ని కావాలనే చేసినయి ఉన్నయి. మొదటి లైన్‌ల నేనెవరో, అక్కకు నేనేమైతనో ఒక్క ముక్కల చెప్పిన, అంతకు మించి నా గురించి లేదు. "వేదికను అలంకరించిన పెద్దలు" అని పేర్లు మొదలుపెడితే డాక్టరమ్మ, సర్పంచ్, యూనియన్ లీడర్, ఎవర్ని విడిచినా తప్పే, అందరి పేర్లు చెప్తే నిమిషంల సగం అక్కడనే పోతది. ఆ పని యాంకరింగ్ చేసేటోళ్ళు ముందే చేసేసి ఉంటరు, అందరికి నమస్తే చాలు. మధ్యలంత అక్క గురించి సభకు చెప్పిన, చివరికి అక్క దిక్కు తిరిగి అక్కా అని పిలిచిన. అట్ల తిరిగినప్పుడు ఆమె తల ఎత్తి చూసింది. మొదటి నుంచి ఆమెతోనే మాట్లాడితే ఆమె ఇబ్బందిపడి తల వంచుకొనే ఉంటది.

గ్లాసులు లేపండి అనేది చిట్టచివరికే రావాలె. అది అన్నంక ఇంకో కథ చెప్పొద్దు, ఎందుకంటే అప్పటికే చేతులు పైకి లేచి ఉంటయి. ఆఖరి మాట కూడ అందరు కలిసి అనేటట్టు ఉండాలె. చీర్స్ అంటే మన దిక్కు మందు గుర్తొస్తది, పెద్దోళ్ళు, ఆడోళ్ళు అననీకి ఎనుక ముందైతరు. చల్లగుండాలె అంటే ముసలోళ్ళు కూడ గట్టిగ అంటరు, మా దగ్గర అట్లనే అన్నరు. మీ అన్నకైతే "మా అన్న చల్లగుండాలె", సార్ అయితే "సార్ చల్లగుండాలె", పేరు గాని వరస గాని ముందు రావాలె, చల్లగుండాలె ఎనుక రావాలె, అప్పుడే జనానికి అందుకోనీకి వీలైతది.

గ్లాసుల సంగతి ముందే చూసుకోవాలె. మీ వంతుకు అయిదు నిమిషాల ముంగట అందరి చేతులల్ల గ్లాసులు ఉండాలె, వడ్డించే పిల్లలకు చెప్పి పెట్టుకోండి. పేపర్ గ్లాసులైతే సగమే పోయించండి, నిండుగ పోస్తే ఎత్తినప్పుడు పట్టుచీరల మీద ఒలుకుతది. రిటైర్ అయ్యే మనిషి చేతుల గ్లాసు ఉన్నదా లేదా కూడ చూడండి, మెమెంటోలు బొకేలు పట్టుకొని చేతులు ఖాళీ ఉండవు, పక్కన ఒకరు అందుకోవాలె.

చూసి చదువుడు వద్దు. 84 మాటలు బట్టీ పడితే కూడ పాఠం అప్పజెప్పినట్టు వస్తది. నేను ఒక చిన్న చీటీ మీద అయిదు మాటలే రాసుకున్న: ఎక్స్, మిర్పకాయ, బండి, కొంగు, గ్లాసు. వారం రోజులు పొద్దున బండి మీద పోయేటప్పుడు గట్టిగ చెప్పుకున్న, ఒకసారి 51 సెకన్లు, ఒకసారి 58. 60 దాటితే నేనేం చేసిన్నంటే స్పీడు పెంచలే, మార్కర్ లైన్ తీసేసి చెప్పిన. అట్ల తీసేయదగ్గ లైన్ ఒకటి ముందే గుర్తు పెట్టుకోండి, అక్కడ టైం అయిపోతుంటే పనికొస్తది.

గొంతు పట్టేస్తది, అది కూడ ముందే అనుకోండి. నాకు కొంగు దగ్గర పట్టేసింది. అట్లైతే ఆగుడే, మూడు నాలుగు సెకన్లు ఆగినా ఎవరు ఏమనుకోరు, సారీ సారీ అనుకుంట మాట్లాడితేనే పాడైతది. మరీ మాట రాకపోతే నడిమిట్లది విడిచిపెట్టి ఆఖరి లైన్‌కు పోండి, గ్లాసు లేపండి, జనం మిగతాది వాళ్ళే అందుకుంటరు.

ఇగ మిగిలిపోయిన మూడున్నర పేజీల నోట్స్ ఉన్నయి కదా, పాలమూరు నడక, తొక్కు డబ్బా, బావ పోయినంక రిజిస్టర్ తెరిచిన రోజు, అవి పారేయలే. తెల్ల కాగితాల మీద చేత్తోని మంచిగ రాసి, కవర్ల పెట్టి, అందరు అన్నాలకు లేచినంక అక్క చేతికి ఇచ్చిన. ఇప్పుడు కాదక్కా, ఇంటికి పోయినంక చదువుకో అని చెప్పిన. ఆమె ఆ కవర్‌ను రోజూ టీకాల రిజిస్టర్ పెట్టుకునే బ్యాగులనే పెట్టుకున్నది.